వెక్టర్ స్పేసెస్ దగ్గర ఆగిపోయిన బీటెక్ కుర్రాడికి రాసిన ఉత్తరం: ఆరు వారాలు, ఒకే మ్యాట్రిక్స్

శారద_గుంటూరు

నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఈసీఈ రెండో సంవత్సరం అబ్బాయి లీనియర్ ఆల్జీబ్రా పేపర్ సప్లీలో కూడా పోయింది. అందులోనూ వెక్టర్ స్పేసెస్ యూనిట్‌లోనే మార్కులన్నీ పోయాయి. వాడికి రాసిన ఉత్తరాన్ని, వాడు సరే అన్నాకే, ఇక్కడ పెడుతున్నాను. ఇదే చోట ఇరుక్కున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంతకంటే మంచి దారి తెలిసినవాళ్లు చెప్పండి, మార్చుకుంటాను.

కిరణ్,

నీ ఆన్సర్ షీట్ జిరాక్స్ మొదటి నుంచి చివరిదాకా చదివాను. నువ్వనుకుంటున్నట్టు నీకు లెక్కలు రాకపోవడం కాదు. రో ఆపరేషన్లు శుభ్రంగా చేశావు, ఎక్కడా ఒక్క మైనస్ కూడా జారలేదు. మార్కులు పోయిందంతా రిడక్షన్ అయిపోయాక రాసిన ఆఖరి రెండు లైన్లలో. కాలమ్ స్పేస్‌కి బేసిస్ అడిగితే రిడక్షన్ తర్వాత వచ్చిన కాలమ్స్ రాశావు. నల్ స్పేస్ డైమెన్షన్ అడిగితే ర్యాంక్ రాశావు. పాలినామియల్స్ ఇచ్చిన ప్రశ్న అసలు ముట్టుకోలేదు, నిజానికి పేపర్ మొత్తంలో అదే చిన్న లెక్క. మూడిటికీ కారణం ఒకటే. ప్రశ్న చూడగానే అది ఏం అడుగుతోందో చూసుకోకుండా చేయి అలవాటుగా రిడక్షన్‌లోకి వెళ్లిపోతోంది. అయ్యాక ఎదురుగా ఉన్న దాంట్లోంచి దేన్ని తీసి రాయాలో తెలియక ఏదో ఒకటి రాసేస్తున్నావు.

అందుకే ఈసారి ప్రాబ్లమ్స్ సంఖ్య తగ్గిస్తున్నాను. రోజుకి గంట చాలు, ఆరు వారాలు. అన్ని వారాలూ ఈ ఒక్క మ్యాట్రిక్స్ మీదే నడుస్తాయి. వారం మారితే దాన్ని అడిగే ప్రశ్న మారుతుంది, అంతే.

```
A = [ 1  2  0  1 ]
    [ 2  4  1  4 ]
    [ 3  6  1  5 ]
```

మొదటి వారం నోట్స్‌లో ఉన్న డెఫినిషన్లు తెరవొద్దు. Ax అంటే రోని కాలమ్‌తో గుణించడం అని నీకు చిన్నప్పటి నుంచి అలవాటు. దాన్ని మార్చాలి. Ax అంటే మొదటి కాలమ్‌ని x1 తో, రెండో కాలమ్‌ని x2 తో, అలా నాలుగిటినీ గుణించి కలపడం. ఈ రకంగా రాసి, b = (1, 1, 2) కి Ax = b సాల్వ్ చెయ్యి. తర్వాత b = (1, 1, 3) కి చెయ్యి. మొదటిదానికి x = (1, 0, -1, 0) ఒక జవాబుగా వస్తుంది, రెండోదానికి 0 = 1 వచ్చి ఆగిపోతావు. ఎందుకు ఆగిపోయిందో రిడక్షన్‌లో వెతక్కు, A లోని కాలమ్స్‌ని ఒక్కొక్కటిగా చూడు. ప్రతి కాలమ్‌లోనూ మూడో అంకె మొదటి రెండిటి మొత్తమే. అలాంటివాటిని ఎలా గుణించి కలిపినా ఆ గుణం పోదు. (1, 1, 3) కి ఆ గుణం లేదు, కాబట్టి ఈ కాలమ్స్‌తో దాన్ని కట్టలేం. ఈ విషయం నీ సొంత మాటల్లో నాకు చెప్పగలిగితే వారం అయినట్టే, మిగతా యూనిట్‌లో సగం ఇందులోనే ఉంది.

రెండో వారం సబ్‌స్పేస్. పోయిన వారం దొరికిన z = x + y అనే సమితితో మొదలుపెట్టు. రెండు వెక్టర్లు కలిపినా, ఏ అంకెతో గుణించినా బయటికి పోవడం లేదని చూపించు. ఇక్కడ నువ్వు ఒక తప్పు అలవాటుగా చేస్తున్నావు. (1, 1, 2), (2, 0, 2) అని రెండు వెక్టర్లు తీసుకుని, వాటి మొత్తం అందులోనే ఉంది కాబట్టి సబ్‌స్పేస్ అని రాస్తున్నావు. అంకెలతో చూపిస్తే ఆ రెండిటికే చూపించినట్టు. సబ్‌స్పేస్ అవుతుంది అనాలంటే (a, b, a+b), (c, d, c+d) అని అక్షరాలతోనే చూపించాలి. కాదు అనాలంటే మాత్రం అంకెలతో ఒక్క ఉదాహరణ చాలు, అక్కడ అక్షరాలతో పేజీ నింపొద్దు.

ఈ వారంలోనే ఇంకో రెండు సమితులు చూడు, రెండూ x, y ప్లేన్‌లోవి. xy = 0 అయ్యే బిందువులు ఒకటి, x, y రెండూ సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అయ్యే బిందువులు ఇంకొకటి. రెండిట్లోనూ సున్నా వెక్టర్ ఉంది, అయినా రెండూ సబ్‌స్పేస్‌లు కావు. మొదటిదాంట్లో (1, 0), (0, 1) కలిపితే బయటపడతావు. రెండోదాంట్లో ఎన్ని కలిపినా లోపలే ఉంటావు గానీ -1 తో గుణిస్తే బయటపడతావు. మూడు షరతులు విడివిడిగా ఎందుకు రాయమంటారో ఈ రెండూ చేస్తే తెలుస్తుంది.

మూడో వారం స్పాన్, ఇండిపెండెన్స్. ఇక్కడ నువ్వు వెక్టర్లని జంటలుగా చూసి, ఏదీ ఇంకోదానికి గుణిజం కాదు కాబట్టి ఇండిపెండెంట్ అని రాశావు. (1, 0), (0, 1), (1, 1) చూడు, ఏ జంటా గుణిజం కాదు, కానీ మూడోది మిగతా రెండిటి మొత్తం. A లో రెండో కాలమ్ మొదటిదానికి రెట్టింపు, అది కంటికే కనిపిస్తుంది. నాలుగో కాలమ్ ఏమిటో కనిపించదు. దాన్ని రిడక్షన్ చేయకుండా పట్టుకోవడానికి ఒక సాయంత్రం కూర్చో.

నాలుగో వారం బేసిస్. నీ మార్కులు ఎక్కువ పోయిన చోటు ఇదే కాబట్టి నెమ్మదిగా చదువు. A ని రెడ్యూస్ చేస్తే ఇది వస్తుంది:

```
R = [ 1  2  0  1 ]
    [ 0  0  1  2 ]
    [ 0  0  0  0 ]
```

పివట్లు ఒకటో కాలమ్‌లో, మూడో కాలమ్‌లో ఉన్నాయి. పరీక్షలో ఇలాంటి చోట నువ్వు (1, 0, 0), (0, 1, 0) అని రాశావు. ఒక్కసారి సరిచూసుకుని ఉంటే తెలిసేది. ఆ రెండిటినీ ఎలా కలిపినా మూడో అంకె సున్నాయే వస్తుంది, A లో మొదటి కాలమ్‌కి మూడో అంకె 3. తన సొంత కాలమ్‌నే కట్టలేని బేసిస్ ఉండదు కదా. రో ఆపరేషన్ చేసిన ప్రతిసారీ కాలమ్స్ మారిపోతాయి. మారనిది కాలమ్స్ మధ్య ఉన్న సంబంధం. R లో నాలుగో కాలమ్ = మొదటిది + రెండు సార్లు మూడోది. A లోకి వెళ్లి చూడు, (1, 2, 3) కి (0, 1, 1) రెండుసార్లు కలిపితే (1, 4, 5), సరిగ్గా నాలుగో కాలమ్. పోయిన వారం సాయంత్రమంతా వెతికింది ఇదే. కాబట్టి R చెప్పేది ఎన్నో నంబర్ కాలమ్స్ తీసుకోవాలో మాత్రమే, తీసుకోవాల్సింది A లోంచి: (1, 2, 3), (0, 1, 1). ఈ వారాంతంలో పాలినామియల్ ప్రశ్న ఒకటి పంపుతాను.

ఐదో వారం నల్ స్పేస్. పివట్ లేని రెండో, నాలుగో కాలమ్స్ నీ ఇష్టం. x2 = s, x4 = t అనుకుంటే x1 = -2s - t, x3 = -2t. దాంతో (-2, 1, 0, 0), (-1, 0, -2, 1) వస్తాయి. వీటిలో నాలుగేసి అంకెలున్నాయి, కాలమ్ స్పేస్ వెక్టర్లలో మూడే ఉన్నాయి. రెండూ వేరు వేరు చోట్ల ఉండేవి, ఒకదానికి జవాబు ఇంకోదాంట్లో వెతక్కు. ర్యాంక్ 2, నల్లిటీ 2, మొత్తం 4, అంటే కాలమ్స్ సంఖ్య. నువ్వు రోలు మూడు కదా అని 3 లోంచి తీసేస్తే నల్లిటీ 1 వస్తుంది. అలా వస్తే చేతిలో ఉన్న రెండు వెక్టర్లని చూసి వెనక్కి వెళ్లు.

ఆరో వారం లీనియర్ మ్యాప్స్, ఒక్క ఉదాహరణతో. డిగ్రీ 2 దాటని పాలినామియల్స్ మీద డిఫరెన్షియేషన్. 1, x, x² బేసిస్‌లో దాని మ్యాట్రిక్స్ రాయి, ర్యాంక్, నల్లిటీ చెప్పు. 1 కి 0, x కి 1, x² కి 2x వస్తాయి. వాటిని కాలమ్స్‌గా నిలబెట్టాలి, అడ్డంగా రాస్తే ట్రాన్స్‌పోజ్ అయిపోతుంది. మిగతాది ఎదురుగా కూర్చుని చేద్దాం.

శారద మేడమ్

రమణ_ఎల్‌బీనగర్

చాలా బాగుంది మేడమ్. ఒక చిన్న మాట కలుపుతున్నా. రో స్పేస్‌కి బేసిస్ అడిగినా ఇదే రూల్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎషెలాన్‌లో ఎన్నో రోలు మిగిలాయో చూసుకుని ఒరిజినల్ మ్యాట్రిక్స్‌లో అవే నంబర్ రోలు తీసుకోవడం. మీ A లో ఒకటో రో, రెండో రో. కాలమ్‌కి ఒరిజినల్, రోకి ఒరిజినల్, పిల్లలకి గుర్తుపెట్టుకోవడం తేలిక.

శారద_గుంటూరు

రమణ గారూ, ఈ A కి సరిపోతుంది. అన్నిటికీ సరిపోదు. రోలు (1, 2), (2, 4), (0, 1) ఉన్న మ్యాట్రిక్స్ తీసుకోండి. రెండో రో సున్నా అయిపోతుంది, మూడోదాన్ని పైకి మార్చుకుంటాం. ఎషెలాన్‌లో పైన రెండు రోలు మిగులుతాయి. ఒరిజినల్‌లో ఒకటి, రెండు తీసుకుంటే (1, 2), (2, 4), ఒకటి ఇంకోదానికి రెట్టింపు. రోలు మార్చుకున్న లెక్క రాసిపెట్టుకుంటే మీ పద్ధతి నడుస్తుంది గానీ పరీక్షలో ఆ లెక్క ఎవరు పెట్టుకుంటారు. రో ఆపరేషన్లతో రో స్పేస్ మారదు కాబట్టి ఎషెలాన్‌లో మిగిలిన రోలే రాసేయడం మంచిది, అక్కడ భయం లేదు. కాలమ్‌కి ఒరిజినల్ నుంచి, రోకి రెడ్యూస్ చేసినదాన్నుంచి. రెండూ ఒకేలా లేవని పిల్లలకి చిరాకే, కానీ ఒకేలా చేస్తే తప్పవుతుంది.

రమణ_ఎల్‌బీనగర్

నిజమే మేడమ్, స్వాప్ సంగతి ఆలోచించలేదు. నేను చేసిన లెక్కల్లో స్వాప్ ఎప్పుడూ రాలేదనుకుంటా, అందుకే నడిచిపోయింది.

సాయి_ఈసీఈ_విశాఖ

అక్కా, నాకు కూడా వెక్టర్స్‌లోనే బ్యాక్‌లాగ్ ఉంది. గ్రేడియంట్, డైవర్జెన్స్ వరకు ఓకే, కర్ల్ దగ్గరికి వచ్చేసరికి డిటర్మినెంట్‌లో కన్ఫ్యూజ్ అయిపోతున్నా. స్టోక్స్ థీరమ్ ఏ వారంలో వస్తుంది ఇందులో?

శారద_గుంటూరు

సాయీ, నువ్వడిగేది వెక్టర్ కాల్కులస్ తమ్ముడూ, ఇది వేరే యూనిట్. ఇందులో కర్ల్ రాదు, స్టోక్స్ రాదు. నీ సిలబస్ షీట్‌లో లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్, ర్యాంక్-నల్లిటీ అనే మాటలు ఉంటేనే ఈ ఉత్తరం నీకు పనికొస్తుంది. కర్ల్ గురించి విడిగా థ్రెడ్ పెట్టు, అక్కడ చెప్తాను.

విద్యుత్_శ్రీను

నేను ట్రిపుల్ఈ చదివి ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నా. ఈ ఇండిపెండెన్స్ అనేది నాకు మ్యాథ్స్ క్లాసులో ఎక్కలేదు, నెట్‌వర్క్స్ క్లాసులో ఎక్కింది. కిరణ్ ఈసీఈ కాబట్టి వాడికి పనికొస్తుందేమోనని చెప్తున్నా. మూడు నోడ్లు, మూడు బ్రాంచిలు ఉన్న ట్రయాంగిల్ సర్క్యూట్ తీసుకోండి. కరెంట్లు 1 నుంచి 2 కి, 2 నుంచి 3 కి, 1 నుంచి 3 కి పోతున్నాయి. నోడ్‌లోకి వస్తే ప్లస్, బయటికి పోతే మైనస్ పెట్టి మూడు నోడ్లకీ కేసీఎల్ రాస్తే ఇలా వస్తుంది:

```
[ -1   0  -1 ]
[  1  -1   0 ]
[  0   1   1 ]
```

మూడు రోలూ కలపండి, సున్నా. మూడో ఈక్వేషన్ కొత్తగా ఏమీ చెప్పడం లేదన్నమాట, మొదటి రెండిట్లోంచే వచ్చేస్తుంది. అందుకే మా సార్ మూడు నోడ్లుంటే రెండు ఈక్వేషన్లే రాయండ్రా అనేవారు. మేం అదేదో రూల్ అనుకుని రాసేవాళ్లం. అది ర్యాంక్ 2 అని తర్వాతెప్పుడో అర్థమైంది. నల్ స్పేస్ ఒకటే వెక్టర్ (1, 1, -1), అంటే ట్రయాంగిల్ చుట్టూ తిరిగే కరెంట్. 1 నుంచి 2, 2 నుంచి 3, తర్వాత 3 నుంచి 1 కి వెనక్కి, అందుకే ఆఖర్న మైనస్. నల్లిటీ ఒకటి అంటే లూప్ ఒకటి అని నాకు అలా గుర్తుండిపోయింది.

శారద_గుంటూరు

శ్రీను గారూ, ఇది మూడో వారంలో పెట్టేస్తున్నాను. వాడికి నెట్‌వర్క్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఒక్క జాగ్రత్త, సర్క్యూట్ రెండు విడి ముక్కలుగా ఉంటే ర్యాంక్ నోడ్ల కంటే ఒకటి కాదు, రెండు తక్కువ అవుతుంది. ప్రతి ముక్కలోనూ ఒక్కో ఈక్వేషన్ వృథా పోతుంది కదా. ఆ ఒక్క ప్రశ్న కూడా వాడిని అడుగుతాను.

ఎమ్మెస్సీ_నాగేశ్వరరావు

అమ్మా శారదా, నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ప్లాన్ బాగుంది గానీ ఇందులో ఆక్సియమ్స్ ఎక్కడ? వెక్టర్ స్పేస్ నిర్వచనమే లేకుండా సబ్‌స్పేస్‌కి వెళ్లిపోయావు. పేపర్లలో ఇలాంటి ప్రశ్న తరచూ వస్తుంది: పాజిటివ్ రియల్ నంబర్లు తీసుకుని, రెండిటిని కలపడం అంటే గుణించడం అనీ, c తో స్కేల్ చేయడం అంటే c ఘాతానికి ఎత్తడం అనీ ఇస్తారు. వెక్టర్ స్పేస్ అవుతుందా అని అడుగుతారు. మీ అబ్బాయి ఆ మ్యాట్రిక్స్‌తో ఆరు వారాలు కూర్చుంటే ఈ ప్రశ్నకి ఏం రాస్తాడు? ఇక్కడ సున్నా వెక్టర్ 1 అని, x కి నెగటివ్ 1/x అని తోచాలంటే నిర్వచనం చేతిలో ఉండాలి కదమ్మా.

శారద_గుంటూరు

నమస్కారం మాస్టారూ. ఆ ప్రశ్న వస్తుంది, కాదనను. ఆక్సియమ్స్ వద్దని కాదు నా ఉద్దేశం, మొదటి రోజున వద్దని. వాడికి పోయినసారి మొదటి క్లాసులోనే ఎనిమిది ఆక్సియమ్స్ బోర్డు మీద రాసి బట్టీ పట్టమన్నారట. వాడు పట్టాడు కూడా, పేపర్లో ఎనిమిదీ రాశాడు. మీరు చెప్పిన ప్రశ్నకి మాత్రం సున్నా వెక్టర్ 0 అని రాసి, 0 పాజిటివ్ కాదు కాబట్టి వెక్టర్ స్పేస్ కాదని తేల్చాడు. సున్నా వెక్టర్ అంటే దేన్ని కలిపినా మార్చనిది అని ఆలోచించి ఉంటే, ఇక్కడ కలపడం అంటే గుణించడం కాబట్టి 1 అని వచ్చేది. అసలు ఈ సబ్జెక్ట్ పుట్టినప్పుడు కూడా ఆలోచన ముందు వచ్చింది. గ్రాస్‌మన్ 1844లోనే స్పాన్, ఇండిపెండెన్స్, డైమెన్షన్ లాంటివాటితో పని చేశాడు, పియానో ఆక్సియమ్స్ రాసింది 1888లో. ఆరో వారం తర్వాత మీ ప్రశ్న, దాంతోపాటు కాని ఉదాహరణ ఒకటి పెడదామనుకుంటున్నాను.

ఎమ్మెస్సీ_నాగేశ్వరరావు

కాని ఉదాహరణకి ఇది ఇవ్వు: ప్లేన్‌లో మామూలు కూడిక ఉంచి, c తో గుణించడం మాత్రం (x, y) ని (cx, y) చేస్తుంది అను. ఏడు ఆక్సియమ్స్ సరిపోతాయి, ఒక్కటి పోతుంది. (0, 1) తీసుకుంటే, 1+1 తో గుణిస్తే (0, 1) ఉంటుంది, విడివిడిగా 1 తో గుణించి కలిపితే (0, 2) వస్తుంది. బట్టీ పట్టినవాళ్లు మొదటి నాలుగూ చూసి అవుతుందని రాసేస్తారు. నువ్వు చెప్పిన చరిత్ర సరే గానీ, 1844లో గ్రాస్‌మన్ రాసింది అప్పటివాళ్లకి పెద్దగా అర్థం కాలేదన్నది కూడా చరిత్రే కదమ్మా. నిర్వచనం స్పష్టంగా లేకపోతే తెలివైనవాళ్లకే కష్టం. నేనైతే రెండో వారంలోనే ఆక్సియమ్స్ పెడతాను.

శారద_గుంటూరు

ఆ ఉదాహరణ తీసుకుంటున్నాను మాస్టారూ. రెండో వారంలో పెట్టే సంగతి ఇంకో స్టూడెంట్‌తో చేసి చూస్తాను. ఇతనికి మాత్రం ప్రస్తుతానికి మార్చను.

కిరణ్_ఈసీఈ

నేనే అండీ ఆ స్టూడెంట్‌ని. నాలుగో వారంలో ఉన్నాను. మేడమ్ పంపిన పాలినామియల్ ప్రశ్న ఇది: డిగ్రీ 2 దాటని పాలినామియల్స్‌లో p(1) = 0 అయ్యేవన్నీ తీసుకుని బేసిస్ రాయమన్నారు. నేను p = a + bx + cx² అని పెట్టి, p(1) = 0 అంటే a + b + c = 0 కాబట్టి a = -b - c రాసి, b, c లని బయటికి తీశాను. x - 1, x² - 1 వచ్చాయి. డైమెన్షన్ 2. కానీ నా రూమ్మేట్ వేరే బుక్‌లో x - 1, x² - x అని చూపిస్తున్నాడు. రెండు రకాలుగా చెక్ చేశాను, నా లెక్కలో తప్పు కనపడటం లేదు. ఎవరిది రైటు మేడమ్? టెన్షన్‌గా ఉంది, ఇలాంటిదే పరీక్షలో వస్తే ఏది రాయాలి?

శారద_గుంటూరు

రెండూ రైటే కిరణ్. (x² - x) కి (x - 1) కలుపు, x² - 1 వస్తుంది. అంటే నీ రెండోది వాడి రెండిటిలోంచి కట్టొచ్చు. అలాగే x² - 1 లోంచి x - 1 తీసేస్తే x² - x, వాడిది నీ వాటిలోంచి వచ్చింది. స్పాన్ ఒకటే అయినప్పుడు గొడవ లేదు. బేసిస్‌లో వెక్టర్లు మారొచ్చు, ఎన్ని ఉన్నాయో మారదు. వాడికి మూడు వచ్చి నీకు రెండు వచ్చి ఉంటే మాత్రం ఒకరిది తప్పని వెంటనే తెలిసిపోయేది. ఈ లెక్క నువ్వు చేసిన తీరు చూడు, రిడక్షన్ అవసరమే రాలేదు. పరీక్షలో వదిలేసింది ఇదే.

హర్ష_వాల్యుయేషన్

ఇక్కడ ఒక మాట. నేను ఇంజినీరింగ్ పేపర్లు దిద్దుతుంటాను. కీలో బేసిస్ ఒకటే ఉంటుంది, వేరే బేసిస్ రాసినా సరైనదైతే మార్కులు వేయాలి, మేం వేస్తాం. కానీ కట్టలు కట్టలు పేపర్లు ముందున్నప్పుడు ప్రతిదీ సరిచూడటం అందరివల్లా కాదు. స్టూడెంట్ చేయగలిగింది ఒకటుంది. బేసిస్ రాసి ఆపేయకుండా కింద రెండు లైన్లు రాయాలి: ఇవి ఇండిపెండెంట్, సమితిలోని ప్రతి p ని b(x-1) + c(x²-1) గా రాయొచ్చు అని. అప్పుడు కీతో కలవకపోయినా దిద్దేవాళ్లు తప్పు అనలేరు.

లావణ్య_అనంతపురం

మా ఫ్రెండ్ అలా వెరిఫికేషన్‌తో సహా రాసినా మార్కులు పడలేదు సార్. రీవాల్యుయేషన్ పెట్టినా మారలేదు. అందుకే మా బ్యాచ్‌లో అందరం లెక్చరర్ నోట్స్‌లో ఎలా ఉంటే అలాగే రాస్తాం, ఫ్రీ వేరియబుల్స్ కూడా ఆయన తీసుకున్నవే తీసుకుంటాం.

హర్ష_వాల్యుయేషన్

అలా జరగకూడదమ్మా, కానీ జరగదని నేను హామీ ఇవ్వలేను. మామూలు పద్ధతిలో వచ్చేదే రాస్తే రిస్క్ తక్కువ, అంతవరకూ మీ బ్యాచ్ చేసేది అర్థమవుతోంది.

కోడ్_మధు

చేత్తో చేసింది సరిచూసుకోవడానికి లాప్‌టాప్ ఉంటే మూడు లైన్లు చాలు:

```python
from sympy import Matrix
A = Matrix([[1,2,0,1],[2,4,1,4],[3,6,1,5]])
print(A.rref(), A.columnspace(), A.nullspace())
```

rref తో పాటు (0, 2) అని వస్తుంది, అవి పివట్ కాలమ్స్ నంబర్లు. పైథాన్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అవి ఒకటో, మూడో కాలమ్స్. columnspace ఇచ్చేది ఒరిజినల్ A లోని కాలమ్సే, రెడ్యూస్ చేసినవి కాదు. మేడమ్ నాలుగో వారంలో చెప్పింది అక్కడే కనిపిస్తుంది.

పద్మ_కాకినాడ

మేడమ్, మా అమ్మాయికి సప్లీ ఇంకో మూడు వారాల్లోనే ఉంది. ఆరు వారాల ప్లాన్‌లో ఏవి వదిలేయొచ్చు? తను రోజుకి రెండు గంటలు కూర్చుంటానంటోంది.

శారద_గుంటూరు

పద్మ గారూ, రెండు గంటలు కూర్చున్నా ఆరు వారాలది మూడిట్లో కుక్కొద్దు. మొదటి వారం సగం రోజుల్లో అయిపోవచ్చు, కానీ వదలొద్దు. తర్వాత నాలుగు, ఐదు వారాలవి పూర్తిగా చేయించండి, ఒకే మ్యాట్రిక్స్ నుంచి కాలమ్ స్పేస్, రో స్పేస్, నల్ స్పేస్ మూడూ రాయగలగాలి. సబ్‌స్పేస్‌లో ఒక అయ్యేది, ఒక కానిది. లీనియర్ మ్యాప్స్‌కి డిఫరెన్షియేషన్ ఒక్కటే. అమ్మాయి నల్లిటీ చెప్పినప్పుడల్లా ఎందులోంచి తీసేశావని అడగండి, కాలమ్స్ సంఖ్యలోంచి అని వెంటనే రావాలి.

ఎమ్మెస్సీ_నాగేశ్వరరావు

మూడు వారాలే ఉంటే నా సలహా వేరు. ఆక్సియమ్స్ ప్రశ్నకి అడుగులు ముందే తెలిసి ఉంటాయి, ఒక్కో ఆక్సియమ్ చూసుకుంటూ పోతే మార్కులు వస్తాయి. పద్మ గారూ, పాత పేపర్లు తీసి చూడండి. మీ యూనివర్సిటీలో అది తరచూ అడుగుతుంటే దాన్ని వదలకండి.

పద్మ_కాకినాడ

చూశానండీ, పాత పేపర్లలో కొన్నిట్లో ఉంది, కొన్నిట్లో లేదు. రెండూ అమ్మాయికి చూపిస్తాను.

కిరణ్_ఈసీఈ

మేడమ్, నేనే ఒక షరతు కలిపి చూశాను. p(1) = 0 తో పాటు p'(1) = 0 కూడా పెట్టాను. a + b + c = 0, b + 2c = 0. దాంతో b = -2c, a = c. కాబట్టి p = c(1 - 2x + x²), బేసిస్ (x - 1)² ఒక్కటే, డైమెన్షన్ 1. ప్రతి షరతుకీ డైమెన్షన్ ఒకటి తగ్గుతోందా?

శారద_గుంటూరు

లెక్క కరెక్ట్. నీ ప్రశ్నకి జవాబు: ఎప్పుడూ కాదు. p(1) = 0, 2p(1) = 0 అని రెండు షరతులు పెడితే ఎంత తగ్గుతుందో చూడు, తర్వాత శ్రీను గారి మూడు కేసీఎల్ ఈక్వేషన్లు మళ్లీ చూడు. ఇప్పుడు డిగ్రీ 3 దాటని పాలినామియల్స్‌లో నీ రెండు షరతులే పెట్టి సోమవారానికి చేసుకుని రా. మొదలుపెట్టేముందు డైమెన్షన్ ఎంత వస్తుందని నువ్వనుకుంటున్నావో పేజీ పైన రాసుకో.